‘సరే’ పక్కన చుక్క పెడితే ఏమవుతుంది

“రేపటి మీటింగ్ పదింటికి కాదు, పదకొండింటికి” అని ఒకరు మెసేజ్ పెట్టారనుకుందాం. దానికి “సరే” అని జవాబు రావచ్చు. “సరే.” అని రావచ్చు. “సరే!” అనో, “సరే 🙂” అనో, “సరే...” అనో, “సరేనండీ” అనో కూడా రావచ్చు. అన్నింట్లోనూ విషయం ఒకటే: టైమ్ మారినట్టు తెలిసింది, అభ్యంతరం లేదు. అయినా చదివేవాళ్లకి మొదటిది మామూలుగా, రెండోది ముక్తసరిగా, మూడోది హుషారుగా, అయిదోది ఏదో మనసులో పెట్టుకున్నట్టుగా వినిపిస్తాయి. వినిపిస్తాయి అనడమే సరైన మాట. ఎదురుగా ఉంటే గొంతు చెప్పే సంగతిని ఇక్కడ ఒక చుక్కో, గీతో, బొమ్మో చెబుతోంది.

మెసేజ్‌ని తిరగరాసేటప్పుడు ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. మాటల మీద పెట్టిన శ్రద్ధ ఈ గుర్తుల మీద పెట్టం. మర్యాదగా ఉండాలని ఎమోజీలన్నీ తీసేస్తే మెసేజ్ కసురుకున్నట్టు తయారవుతుంది. కటువుగా ఉందని రెండు ఎమోజీలు తగిలిస్తే వెటకారంలా తయారవుతుంది. ఏ గుర్తు ఏ పని చేస్తోందో తెలుసుకుని, దాన్ని తీసేటప్పుడు ఆ పనిని ఇంకో మాటకి అప్పగించడమే అసలు కిటుకు. తెలుగులో ఈ పని ఇంగ్లిష్‌లో చేసినట్టే చేస్తే కుదరదు, ఎందుకంటే తెలుగు వాక్యం చివర్లో అప్పటికే సగం గొంతు ఉంటుంది.

చుక్క ఎప్పుడు కోపంగా కనిపిస్తుంది

కాగితం మీద ఫుల్‌స్టాప్‌కి ఒక్కటే పని, వాక్యం అయిపోయిందని చెప్పడం. చాట్‌లో ఆ పని సెండ్ బటనే చేసేస్తుంది. ఒక మెసేజ్ బుడగ అయిపోయిందంటే మాట అయిపోయినట్టే. అంటే చివరి చుక్క అక్కడ అవసరం లేదు. అవసరం లేని చోట ఎవరైనా ఏదైనా పెట్టారంటే, చదివేవాళ్లు దానికి ఒక కారణం వెతుకుతారు. చుక్కకి చిరాకు అంటుకున్నది అలాగే.

ఇది ఊహ మాత్రమే కాదని చూపించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని బింగమ్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 126 మంది విద్యార్థులకి చిన్న చిన్న సంభాషణలు చూపించారు. ఒకరు ఆహ్వానిస్తారు, రెండోవారు ఒక్క మాటలో ఒప్పుకుంటారు. కొన్నింట్లో ఆ ఒక్క మాట తర్వాత చుక్క ఉంది, కొన్నింట్లో లేదు. ఫోన్ మెసేజ్ రూపంలో చూపించినప్పుడు, చుక్క ఉన్న జవాబులో మనస్ఫూర్తి తక్కువగా ఉందని చదివినవాళ్లు అన్నారు. అవే జవాబుల్ని చేత్తో రాసిన చీటీల రూపంలో చూపిస్తే ఆ తేడా కనిపించలేదు. 2015లో బయటికొచ్చిన ఈ ఫలితాన్ని “మెసేజ్‌లో ఫుల్‌స్టాప్ పెట్టకూడదు” అని చాలామంది అర్థం చేసుకున్నారు. అందులో తేలింది అంత పెద్ద సంగతి కాదు. అది ఒక్క మాట జవాబుల గురించి, అదీ ఫోన్ మెసేజ్‌ల గురించి, అదీ ఇంగ్లిష్‌లో.

నాలుగు వాక్యాల మెసేజ్‌లో చుక్కలు మామూలుగానే ఉంటాయి, ఉండాలి కూడా. అవి లేకపోతే ఎక్కడ ఆగాలో తెలీక చదివేవాళ్లు తడబడతారు. తేడా వచ్చేది పొట్టి జవాబులోనే. “సరే.”, “చూశాను.”, “తెలుసు.”, “అలాగే.” లాంటివి. ఇందులోనూ “తెలుసు.” మిగతావాటికంటే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఆ మాటలోనే ‘నువ్వు చెప్పాలా’ అనే ఛాయ కొంత ఉంది. చుక్క దానికి తోడైంది.

అవతలివాళ్ల చుక్కలో కోపం ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఆ మనిషి అంతకుముందు పంపిన పది మెసేజ్‌లు పైకి జరిపి చూడాలి. అన్నింటికీ చుక్క ఉంటే అది వాళ్ల చేతి అలవాటు. ఉత్తరాలు, ఆఫీసు నోట్లు రాసి అలవాటైనవాళ్లు చుక్క లేకుండా వాక్యం వదలలేరు. వాటిలో దేనికీ లేకుండా ఈరోజు మెసేజ్‌కి మాత్రమే ఉంటే అప్పుడు ఆలోచించాలి. మూడు చుక్కలకీ ఇదే వర్తిస్తుంది. కొంతమంది పెద్దవాళ్లు “వచ్చాను... అన్నం తిన్నాను... రేపు ఫోన్ చేస్తా...” అని రాస్తారు. వాళ్లకి అది ఒక ఆలోచనకీ ఇంకో ఆలోచనకీ మధ్య ఊపిరి తీసుకునే చోటు మాత్రమే. చిన్నవాళ్లు అదే చదివి, చెప్పకుండా ఏదో దాచారని టెన్షన్ పడతారు. గుర్తుకి సొంతంగా ఒక అర్థం ఉండదు. రాసేవాళ్ల అలవాటు నుంచి ఎంత పక్కకి జరిగింది అన్నదే అర్థం.

తెలుగు వాక్యం తోకలోనే గొంతు ఉంది

ప్రశ్నార్థకం సంగతి చూస్తే తెలుగు ఎంత వేరో తెలుస్తుంది. “వస్తున్నావా” అన్న మాటలో చివరి దీర్ఘమే ప్రశ్న. గుర్తు పెట్టకపోయినా అది ప్రశ్నే. “ఎప్పుడు వస్తావు” అన్నదాంట్లో ‘ఎప్పుడు’ ఉంది కాబట్టి అక్కడా గుర్తు లేకుండా పని జరిగిపోతుంది. అందుకే తెలుగు చాట్‌లో చాలామంది ప్రశ్నార్థకం పెట్టరు, ఎవరూ తప్పుగా అనుకోరు. దీనివల్ల ఒకటి జరిగింది. వ్యాకరణానికి అక్కర్లేని గుర్తు, గొంతుకి ఖాళీగా దొరికింది.

“రిపోర్ట్ పంపావా” అంటే మామూలుగా అడిగినట్టు. “రిపోర్ట్ పంపావా?” అంటే జవాబు కావాలని కాస్త నిలబడి అడిగినట్టు. “రిపోర్ట్ పంపావా??” అంటే పంపలేదని ఇప్పటికే అనుకుంటున్నట్టు. రెండో గుర్తుతో ప్రశ్న నిలదీతగా మారింది. ‘ఎందుకు’తో మొదలయ్యే వాక్యాల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. “ఎందుకు రాలేదు” అన్నది ఆరా కావచ్చు, “ఎందుకు రాలేదు??” అన్నది మాత్రం సంజాయిషీ అడగడమే. తిరగరాసేటప్పుడు రెండో గుర్తు తీసేస్తే సగం వేడి తగ్గుతుంది. మిగతా సగం తగ్గాలంటే మాటే మార్చాలి: “నిన్న రాలేదు, అంతా బాగానే ఉందా?”

గుర్తు తప్పకుండా కావలసిన చోటు కూడా ఒకటుంది. మాట్లాడేటప్పుడు గొంతు పైకి లేపి “రేపు వస్తున్నారు?” అని అడుగుతాం, దీర్ఘం లేకుండానే. దీన్ని అలాగే టైప్ చేసి గుర్తు మరిచిపోతే “రేపు వస్తున్నారు” అని సమాచారం చెప్పినట్టు అవుతుంది. అవతలివాళ్లు “ఎవరు?” అని అడుగుతారు. ఇలాంటి వాక్యాన్ని గుర్తుకి వదిలేయకుండా “వస్తున్నారా” అని రాయడమే మంచిది.

ఇక ‘లే’, ‘కదా’, ‘మరి’, ‘అండి’ లాంటివి. ఇవి చిన్న మాటలే గానీ వాక్యం మొత్తానికి రంగు వేస్తాయి. “వస్తాను”లో ఒప్పుకోవడం ఉంది, “వస్తానులే”లో చాలాసార్లు విసుగో ఊరడింపో ఉంటుంది. “చెప్పాను కదా” అన్నదాన్ని తీసుకుంటే, దాని పక్కన ఏం పెట్టినా అది ఎత్తిపొడుపే. చుక్క పెడితే చల్లటి ఎత్తిపొడుపు, ఆశ్చర్యార్థకం పెడితే అరిచిన ఎత్తిపొడుపు, నవ్వు బొమ్మ పెడితే నవ్వుతూ చేసిన ఎత్తిపొడుపు. ఈ మూడోదే ఎక్కువగా నొప్పిస్తుంది. ఎమోజీతో మెత్తబడని మాటలు ఇవి. “మొన్న చెప్పినట్టు” అని మార్చితే ఆ బొమ్మ అవసరమే ఉండదు.

‘అండి’కీ ‘అండీ’కీ ఉన్న తేడా కూడా గమనించాలి. “చెప్పండి” అంటే మర్యాద. “చెప్పండీ” అంటే మర్యాదకి తోడు చనువో, బతిమాలడమో, కొన్నిసార్లు విసుగో. సాగదీసిన అక్షరం అచ్చంగా గొంతు చేసే పనే చేస్తోంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసేటప్పుడు ఈ దీర్ఘం చాలావరకు పోతుంది. అలా రాసేవాళ్లు ఎమోజీల మీద, ఆశ్చర్యార్థకాల మీద ఎక్కువ ఆధారపడటానికి ఇదొక కారణంగా కనిపిస్తుంది. అలాంటి మెసేజ్‌ని తెలుగు లిపిలోకి మార్చేటప్పుడు గుర్తుల్ని యథాతథంగా దించకూడదు. లిపి తిరిగిచ్చిన దీర్ఘంతో ఒక గుర్తు పని ఇప్పటికే జరిగిపోయి ఉండవచ్చు. “రండీ” అని రాశాక ఇంక ఆశ్చర్యార్థకం ఎందుకు?

ఆశ్చర్యార్థకం ఎవరి మీద పడుతోంది

పేరు ఆశ్చర్యార్థకమే అయినా మెసేజ్‌లలో అది ఆశ్చర్యానికి వాడేది తక్కువ. ఎక్కువగా రెండు పనులకి వాడతాం: ఆదరం చూపడానికి, ఒత్తి చెప్పడానికి. ఒకే గుర్తు రెండు పనులు చేస్తోంది కాబట్టి చదివేవాళ్లు ఏది తీసుకోవాలో వాక్యాన్ని బట్టి తేల్చుకుంటారు.

వాక్యం రాసేవాళ్ల సంతోషం గురించో కృతజ్ఞత గురించో అయితే గుర్తు ఆదరంగా పడుతుంది. “చాలా థాంక్స్!”, “ఫైల్ అందింది!”, “శుభాకాంక్షలు!” అన్నవి అలాంటివి. వాక్యం అవతలివాళ్లు చేయాల్సిన పని గురించి అయితే అదే గుర్తు వాళ్ల నెత్తిన పడుతుంది. “ఫైల్ పంపండి!”, “రేపటికి కావాలి!”, “మర్చిపోకండి!” అన్నవి రాసినవాళ్లు హుషారుగానే రాసి ఉండొచ్చు. చదివేవాళ్లకి మాత్రం వేలు చూపించి చెప్పినట్టు ఉంటుంది. తెలుగులో విధి వాక్యం అవతలివాళ్లని ఉద్దేశించే మాట. ‘అండి’ దాని కొసని మెత్తగా చేస్తే, ఆశ్చర్యార్థకం మళ్లీ పదును పెడుతుంది.

అందువల్ల తిరగరాసేటప్పుడు ప్రతి ఆశ్చర్యార్థకం దగ్గరా ఆగి క్రియ ఎవరిదో చూస్తే చాలు. ‘నేను’, ‘మేము’ చేసిన పని అయితే ఉంచవచ్చు. ‘మీరు’ చేయాల్సిన పని అయితే తీసేసి, ఆ హుషారుని వేరే చోట పెట్టాలి. “డ్రాఫ్ట్ పంపండి! రేపటికి కావాలి!” అన్నదాన్ని “డ్రాఫ్ట్ కోసం ఎదురుచూస్తున్నాం! రేపటికి పంపగలరా?” అని మార్చితే గుర్తు పోలేదు, జాగా మారింది.

సంఖ్య గురించి పెద్ద సూత్రం అక్కర్లేదు. మెసేజ్‌కి ఒకటి ఉంటే అది వినిపిస్తుంది. అన్ని వాక్యాలకీ ఉంటే ఏదీ వినిపించదు. పైగా అలా అన్నింటికీ పెట్టడం అలవాటైన మనిషి ఒకరోజు పెట్టకపోతే, అదే కోపంగా కనిపిస్తుంది.

ఎమోజీ చేసే పని ఏమిటి

నవ్వు గుర్తు పుట్టిందే ఒక అపార్థం వల్ల. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ నోటీసు బోర్డులో లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందంటూ సరదాగా రాసిన మాటల్ని కొందరు నిజమైన హెచ్చరిక అనుకున్నారు. ఆ చర్చలోనే, సెప్టెంబర్ 19న, జోకు అని తెలియడానికి :-) అని పెట్టమని స్కాట్ ఫాల్‌మన్ సూచించారు. అంటే అది మొదట అలంకారం కాదు, ‘పై మాట సరదాకి’ అనే సూచన. ఈరోజు ఎమోజీల్లో చాలావరకు ఇప్పటికీ ఇలాంటి సూచనలే. తీసేసే ముందు ఆ సూచన ఏమిటో చదవాలి.

“రేపు రావడం కుదరదు 😅” అన్న మెసేజ్ చూద్దాం. ఇక్కడ చెమట పట్టిన నవ్వు మొహం ‘ఇబ్బందిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి’ అంటోంది. దీన్ని మెయిల్‌లోకి మార్చేటప్పుడు బొమ్మ తీసేసి “రేపు రావడం కుదరదు.” అని వదిలేస్తే క్షమాపణ మొత్తం పోయింది, ఉత్త తిరస్కారం మిగిలింది. కొందరు ఇంకో వైపు తప్పు చేస్తారు. మెత్తగా ఉండాలని “రేపు రావడం కుదరకపోవచ్చు” అంటారు. ఇది మొదటి దానికంటే పెద్ద తప్పు, ఎందుకంటే సంగతే మారిపోయింది. అవతలివాళ్లు ఇంకా ఆశ పెట్టుకుని కుర్చీ వేసి ఉంచుతారు. బొమ్మ మెత్తబరిచింది చెప్పే తీరుని, సంగతిని కాదు. కాబట్టి మాట కూడా తీరునే మెత్తబరచాలి: “రేపు రావడం కుదరదు, దయచేసి ఏమీ అనుకోకండి.” ‘కుదరదు’ అలాగే ఉంది.

పని చేసే బొమ్మలు ఇంకో రకం. 👍, 🙏, ✅ లాంటివి మొహాలు కావు, జవాబులు. వీటిని మాటల్లోకి మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఒక్కో బొమ్మలో రెండు మూడు జవాబులు దాగి ఉంటాయి. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రంలో ఇది కోర్టుకే వెళ్లింది. ధాన్యం కొనే సంస్థ ఒకటి అవిసె గింజల ఒప్పందం ఫొటో తీసి, నిర్ధారించమంటూ ఒక రైతుకి మెసేజ్ చేసింది. రైతు 👍 పంపారు. గింజలు రాలేదు. ఒప్పందం కాగితం అందిందని మాత్రమే తన ఉద్దేశమని రైతు వాదన. అంతకుముందు అదే సంస్థకి ఒప్పందాల విషయంలో “ఓకే” లాంటి పొట్టి జవాబులిచ్చి సరుకు పంపిన సందర్భాలు ఉండటంతో, ఇదీ ఒప్పుకోవడమేనని కోర్టు 2023లో తేల్చింది. నష్టపరిహారం సుమారు 82 వేల కెనడా డాలర్లు. 👍 అంటే ‘అందింది’ కావచ్చు, ‘చూశాను’ కావచ్చు, ‘ఒప్పుకుంటున్నాను’ కావచ్చు. తిరగరాసేవాళ్లు వీటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఏదో తెలీకపోతే రాసినవాళ్లని అడగాలి, ఊహించకూడదు.

ఒకే బొమ్మ అందరికీ ఒకేలా కనిపించదన్నది ఇంకో చిక్కు. పంపేది నిజానికి ఒక సంకేత సంఖ్య మాత్రమే, దాన్ని బొమ్మగా గీసేది అవతలి ఫోను. 2016లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరిశీలించారు. కళ్లు కూడా నవ్వే 😁 మొహం అప్పటి ఆపిల్ ఫోన్లలో పళ్లు బిగబట్టినట్టు కనిపించేది, మిగతావాటిలో సంతోషంగా ఉండేది. అంతకంటే ఆలోచింపజేసే సంగతి ఏమిటంటే, ఒకే కంపెనీ గీసిన ఒకే బొమ్మని చూసినవాళ్లలో కూడా అది మంచిదా, చెడ్డదా, మామూలుదా అన్నదానిపై పావు వంతు సందర్భాల్లో అభిప్రాయాలు కలవలేదు. ఆపిల్ తర్వాత ఆ బొమ్మని మార్చింది గానీ, ఈ రెండో తేడా గీతని మార్చితే పోయేది కాదు. 🙂 దీనికి ఉదాహరణ. కొందరికి అది మామూలు చిరునవ్వు. చాలామంది కుర్రవాళ్లకి పెదాలు బిగించి నవ్వడం. తప్పుగా అర్థమైతే ఇబ్బంది వచ్చే సంగతిని బొమ్మ మీద ఒంటరిగా నిలబెట్టకూడదు. మాట సంగతి చెప్పాక బొమ్మ తోడుగా ఉంటే ఉండవచ్చు.

పరిచయం లేనివాళ్లకి రాసే మొదటి ఆఫీసు మెయిల్‌లో నవ్వు బొమ్మ ఆశించిన ఫలితం ఇవ్వదని కూడా పరిశోధనల్లో కనిపించింది. చదివినవాళ్లకి రాసినవాళ్ల మీద ఆప్యాయత పెరగలేదు, సమర్థత మీద నమ్మకం కాస్త తగ్గింది. నలుగురూ ఒకరికొకరు తెలిసిన గ్రూపులో సంగతి వేరు. అక్కడ అందరూ వాడుతుంటే ఒక్కరే వాడకపోవడమే ముభావంగా కనిపిస్తుంది.

ఒక మెసేజ్‌ని దగ్గరగా చూస్తే

టీమ్ లీడ్ తన కింద పనిచేసే అమ్మాయికి ఇలా రాశాడనుకుందాం.

“రిపోర్ట్ చూశాను. మూడు చోట్ల అంకెలు తప్పు. సాయంత్రంలోగా సరిచేసి పంపు.”

పంపే ముందు చదువుకుంటే కటువుగా ఉందనిపించింది. వెంటనే చేతికొచ్చిన మరమ్మతు ఇది:

“రిపోర్ట్ చూశాను 😊 మూడు చోట్ల అంకెలు తప్పు! సాయంత్రంలోగా సరిచేసి పంపు!! 🙏”

ఇది మొదటి దానికంటే చెడిపోయింది. నవ్వు మొహం తర్వాత వెంటనే తప్పుల మాట వచ్చింది కాబట్టి, తప్పులు దొరికినందుకు నవ్వినట్టుంది. ‘తప్పు’ పక్కన ఆశ్చర్యార్థకం ఇంత తప్పు చేశావా అన్నట్టుంది. ‘పంపు’ పక్కన రెండు గుర్తులు అరుపు. చివర్లో దణ్ణం. ‘పంపు’ అని ఏకవచనంలో ఆదేశించి చేతులు జోడిస్తే రెండూ పొసగవు, దణ్ణం వెటకారంగా మారుతుంది. ఒక్కో గుర్తూ మంచి ఉద్దేశంతోనే వచ్చింది. ఏదీ తను నిలబడ్డ వాక్యంతో కలవలేదు.

మొదలుపెట్టాల్సింది గుర్తులన్నీ తీసేసి ఉత్త మాటల్ని చదవడంతో. రిపోర్ట్ చూశాను, మూడు చోట్ల అంకెలు తప్పు, సాయంత్రంలోగా సరిచేసి పంపు. ఇలా చదివితే కటుత్వం ఎక్కడుందో కనిపిస్తుంది. చుక్కల్లో లేదు. ‘తప్పు’ అని తీర్పులా ఆగిపోవడంలో ఉంది, ‘పంపు’ అన్న ఉత్త ఆదేశంలో ఉంది, ఆ రెండింటి మధ్య సాయం చేసే మాట ఒక్కటీ లేకపోవడంలో ఉంది. గుర్తులు ఎన్ని పెట్టినా మాటల్లోని లోటు తీరదు. మాటలు మార్చాక ఇలా అవుతుంది:

“రిపోర్ట్ మొత్తం చదివాను. మూడు చోట్ల అంకెలు టేబుల్‌తో కలవడం లేదు, ఆ చోట్లు మార్క్ చేసి పెట్టాను. సాయంత్రం 5 లోగా సరిచేసి పంపగలవా? ఏదైనా డౌట్ ఉంటే కాల్ చెయ్”

‘తప్పు’ పోయి ‘కలవడం లేదు’ వచ్చింది. సంగతి అదే, పైగా ఇంకా కచ్చితంగా ఉంది. ‘సాయంత్రం’ గంటగా మారడంతో తొందర చెప్పడానికి ఆశ్చర్యార్థకం అక్కర్లేకపోయింది. ‘పంపు’ పోయి ‘పంపగలవా’ అయింది. ఇక్కడ ప్రశ్నార్థకం ఉండాలి, ఎందుకంటే జవాబు నిజంగానే కావాలి, ఒక్కటే కాబట్టి నిలదీసినట్టు ఉండదు. మొదటి రెండు వాక్యాలకి చుక్కలు ఉన్నాయి, చివరి ఆప్యాయమైన మాటకి లేదు. అది పూర్తిగా అలవాటుకి సంబంధించినది. అందరూ అన్నింటికీ చుక్క పెట్టే గ్రూపు అయితే అక్కడా పెట్టేయవచ్చు.

“బాగా రాశావు” అని మొదట్లో ఒక మెప్పు ఎందుకు చేర్చలేదని అనిపించవచ్చు. రిపోర్ట్ నిజంగా బాగుంటే చేర్చాలి. మెత్తదనం కోసమే చేర్చితే అది మాటల్లో పెట్టిన నవ్వు బొమ్మ అవుతుంది. అసలు సంగతి తర్వాత వస్తుందని ఆ అమ్మాయికి రెండోసారికే తెలిసిపోతుంది.

ఈ మెసేజ్‌నే మెయిల్‌గా పంపాలంటే మార్పులు తక్కువే. ‘డౌట్’ బదులు ‘సందేహం’ వస్తుంది, ‘చెయ్’ తర్వాత చుక్క వస్తుంది, మొదట్లో పేరు పెట్టి పలకరింపు వస్తుంది. గుర్తుల మీద నిలబడిన మెసేజ్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలంటే మొత్తం తిరగరాయాలి. మాటల మీద నిలబడినదాన్ని దాదాపు అలాగే మోసుకుపోవచ్చు.

తిరగరాశాక ఒకసారి పైకి చదవాలి, కానీ సొంత గొంతుతో కాదు. రాసినవాళ్లు తమ ఉద్దేశంతో చదువుకుంటే అంతా మెత్తగానే వినిపిస్తుంది. అవతలివాళ్లు అలసిపోయి ఉన్నారని, అప్పటికే ఒక మాట పడి ఉన్నారని అనుకుని, అదే వాక్యాన్ని ఏ రాగమూ లేకుండా చదవాలి. అప్పుడు కూడా ఫర్వాలేదనిపిస్తే పంపవచ్చు. ఎక్కడైనా గుచ్చుకుంటే అక్కడ చూడాల్సింది మొదట క్రియ, తర్వాతే గుర్తు.

ఏ గుర్తూ మెత్తబరచకూడని మెసేజ్‌లు కూడా కొన్ని ఉన్నాయి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన మనిషికి రాలేదని చెప్పాలి. “ఈసారి సెలెక్ట్ కాలేదండీ 😔 మళ్లీ ట్రై చేయండి!!” అని రాస్తే బొమ్మ ఆ మనిషి బాధని తను నటించినట్టుంది, ఆశ్చర్యార్థకాలు ఆ బాధ మీద చప్పట్లు కొట్టినట్టున్నాయి. “మీ దరఖాస్తు ఈసారి ఎంపిక కాలేదు. ఇంటర్వ్యూకి సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు. కారణాలు తెలుసుకోవాలనుకుంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయవచ్చు.” ఇక్కడ మూడు చుక్కలూ ఉండాల్సినవే. ‘సరే’ పక్కన చిరాకుగా కనిపించిన ఆ చుక్కే ఇక్కడ అవతలి మనిషికి ఆ మాట విని ఒక్క క్షణం ఆగడానికి చోటు ఇస్తుంది.